ఎగిరిన ముంగురులు, చెదిరిన నుదుటి అంచు: హీలింగ్ ఎక్కడ ఆపాలి, క్లోన్ ఎక్కడ మొదలుపెట్టాలి

ప్రశ్న: అన్నా, మాది అనంతపురంలో చిన్న స్టూడియో. గండికోటలో సాయంత్రం పూట తీసిన ప్రీ వెడ్డింగ్ ఫోటో ఒకటి ఆల్బమ్‌లో 12×18 పేజీ నిండా వేయాల. గాలికి అమ్మాయి జుట్టంతా చెదిరిపోయింది. ఫోటోషాప్‌లో స్పాట్ హీలింగ్‌తో తుడిస్తే జుట్టు పక్కన మసి పూసినట్టు నల్లగా వస్తా ఉంది. క్లోన్ వాడితే విగ్గు పెట్టినట్టు గీత పడతాది. నుదురు దగ్గరైతే ఇంకా అధ్వానం. ఎట్ల చేయాలన్నా?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ మసి ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. హీలింగ్ బ్రష్ నువ్వు చూపించిన చోటి నుంచి తెచ్చుకునేది ప్రధానంగా గరుకుదనమే, అంటే టెక్స్‌చర్. రంగును, వెలుగును మాత్రం నువ్వు గీసిన గీత చుట్టూ ఉన్న పిక్సెళ్లను చూసి సర్దుకుంటుంది. చుట్టూ ఆకాశమే ఉంటే ఆకాశం రంగే లోపలికి వస్తుంది, అతుకు కనపడదు. గీత ఒక కొస జుట్టుకు తగిలిందంటే ఆ నలుపు కూడా లోపలికి పాకుతుంది. నువ్వు చూస్తున్న మసి అదే. స్పాట్ హీలింగ్‌దీ ఇదే గుణం. పైగా టెక్స్‌చర్ ఎక్కడి నుంచి తీసుకోవాలో కూడా అదే ఎంచుకుంటుంది కాబట్టి తల పక్కన దాన్ని అసలు నమ్మడానికి లేదు.

క్లోన్ స్టాంప్‌కు ఈ తెలివి లేదు. ఉన్నది ఉన్నట్టు తెచ్చి అతికిస్తుంది. అందుకే తల అంచు దగ్గర అదే పనికొస్తుంది, మసి పూయదు. ఆ తెలివి లేకపోవడం వల్లే రంగు పిసరంత తేడా ఉన్నా, బ్రష్ అంచు కాస్త గట్టిగా ఉన్నా గీత పడుతుంది. కాబట్టి చుట్టూ ఒకే రకం ఉన్నచోట, అంటే ఆకాశం నడుమ, నుదుటి నడుమ హీలింగ్ వాడు. రెండు రకాలు కలిసే చోట, అంటే జుట్టుకూ ఆకాశానికీ మధ్య, జుట్టుకూ చర్మానికీ మధ్య క్లోన్ వాడు. ఇక కష్టమంతా ఒకటి ఆపి రెండోది అందుకునే ఆ కొద్ది పిక్సెళ్ల దగ్గరే.

బ్రష్ పట్టుకునే ముందు ఏది తీయాలో, ఏది వదలాలో తేల్చుకో. నీ కెమెరా 24 మెగాపిక్సెళ్లది, ఫ్రేము 6000×4000 అనుకుందాం. దాన్ని 18 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 333 పిక్సెళ్లు వస్తాయి. అంటే స్క్రీన్ మీద 3 పిక్సెళ్ల వెడల్పున్న వెంట్రుక పేజీ మీద పావు మిల్లీమీటరుకు కొంచెం తక్కువ ఉంటుంది. లేత ఆకాశం మీద నల్లగా ఉంటే అది ఖచ్చితంగా కనపడుతుంది. ఒక్క పిక్సెల్ వెడల్పుతో, వెనకున్న రంగులో సగం కలిసిపోయిన వెంట్రుకను ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని చూసేవాళ్లు ఎవరూ పట్టించుకోరు. 300 శాతం జూమ్ పెట్టుకుని అలాంటివాటి వెంట పడితే పొద్దు పోవడమే కాదు, తల అంచులో సహజంగా ఉండాల్సిన నూగు కూడా పోతుంది. విగ్గు కనిపించడానికి సగం కారణం అదే. జుట్టు వాలిన వైపే వాలిన వెంట్రుకల్ని వదిలెయ్. వాలుకు అడ్డం తిరిగినవి, ఒకదాన్నొకటి ఇంటూ గుర్తులా కోసుకున్నవి, కంటి మీదా పెదవి మీదా పడినవి, ఉంగరంలా చుట్టుకుని దూరంగా నిలబడినవి తీసెయ్.

ఇక గండికోట ఫోటోకే వద్దాం. లోయ అంచున మనిషిని నిలబెట్టి సాయంత్రం వెలుగు వెనక నుంచి పడేలా తీస్తే తల వెనక పైసగం ఆకాశం, కిందిసగం నీడలో ఉన్న ఎర్రరాతి గోడ వస్తాయి. ఇందులో ఒక చిక్కుంది. ఒకే వెంట్రుక ఆకాశం మీద ఉన్నంతమేరా నల్లగా కనపడుతుంది. అదే వెంట్రుక కిందికి దిగి రాయి మీదికి రాగానే ఎండ తగిలి బంగారు తీగలా మెరుస్తుంది. పైన చేసిన పద్ధతే కింద కూడా చేయబోతే కుదరదు. అందుకని రెండు ఖాళీ లేయర్లు పెట్టుకో. ఆకాశం కోసం పెట్టిన లేయర్ బ్లెండ్ మోడ్ `Lighten`, రాయి కోసం పెట్టినది `Darken`. పైన ఆప్షన్ల పట్టీలో `Sample` దగ్గర `Current & Below` పెట్టుకో, `Aligned` టిక్కు ఉంచు. కలర్ కోసం వేసిన అడ్జస్ట్‌మెంట్ లేయర్లు ఈ రెండింటికీ పైన ఉండాలి. `All Layers` పెట్టి గీస్తే ఆ కరెక్షన్ ఒకసారి శాంపిల్‌లోకి వచ్చేస్తుంది, పైనున్న లేయర్ దాన్నే మళ్లీ రుద్దుతుంది. అతుకు తేడా రంగులో తేలుతుంది.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. `Lighten`ను లేయర్‌కు కాకుండా క్లోన్ టూల్ `Mode`లో పెడతారు. ఖాళీ లేయర్ మీద అది `Normal`లాగే గీస్తుంది, ఎందుకంటే పోల్చుకోవడానికి ఆ లేయర్‌లో పిక్సెళ్లే లేవు. టూల్ మోడ్ `Normal`లోనే ఉంచి, లేయర్‌నే `Lighten` చేస్తే కిందున్న ఫోటోతో పోలిక సరిగ్గా జరుగుతుంది.

`Lighten` లేయర్ మీద ఆకాశాన్ని క్లోన్ చేస్తే, తెచ్చిన రంగు కంటే ముదురుగా ఉన్న పిక్సెళ్లే మారతాయి. నల్ల వెంట్రుక పోతుంది, పక్కనున్న ఆకాశం కదలదు. దీన్ని బట్టి శాంపిల్ ఎక్కడ తీసుకోవాలో కూడా తేలుతుంది. తెచ్చిన ఆకాశం అక్కడున్నదానికన్నా ఒక పిసరు ముదురుగా ఉన్నా ఫర్వాలేదు, మచ్చ పడదు. లేతగా ఉంటే మాత్రం తెల్ల చార పడుతుంది. సాయంత్రం ఆకాశం కిందికి వచ్చేకొద్దీ లేతబడుతుంది కదా. కాబట్టి శాంపిల్‌ను వెంట్రుక ఉన్న ఎత్తులోనే, పక్క నుంచి తీసుకో. లేదంటే రవ్వంత పై నుంచి తీసుకో. కింది నుంచి మాత్రం ఎప్పుడూ వద్దు. సూర్యుడు ఒక పక్కన ఉంటే ఆ వైపు నుంచి కూడా వద్దు. పొడవాటి వెంట్రుక ఆకాశంలో నిలువుగా లేచి ఉంటే ఒకే గీతలో లాగేయకుండా మూడు నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ దాని ఎత్తులోనే కొత్తగా ఆల్ట్ క్లిక్ కొట్టు. ఒకసారి గీసిన చోటి నుంచే మళ్లీ మళ్లీ శాంపిల్ తీసుకుని గీయకు. `Lighten` ప్రతిసారీ నాయిస్‌లోని లేత చుక్కల్నే ఏరుకుంటుంది, చివరికి అక్కడ ఆకాశం నున్నగా, ఒక మెట్టు తెల్లగా మిగులుతుంది.

రాయి మీద ఇదే తిరగేసి చెయ్యాలి. `Darken` లేయర్‌లో మెరిసే తీగ పోతుంది, శాంపిల్ కొంచెం లేతగా ఉన్నా ఇబ్బంది లేదు. రాతి గోడ ఫోకస్‌లో లేక మసగ్గా ఉంటే పని ఇంకా తేలిక. ఆకాశమూ రాయీ కలిసే గీత మీదుగా వెంట్రుక పోయినచోట ఒక్కచోట జాగ్రత్త పడాలి. అక్కడ ఈ రెండు లేయర్లూ పనికిరావు. మామూలు `Normal` లేయర్ తీసుకుని, ఆల్ట్ క్లిక్‌ను సరిగ్గా ఆ గీత మీదే కొట్టి, బ్రష్‌లో కనపడే నమూనా గీతా ఫోటోలోని గీతా ఒకే వరుసలోకి వచ్చాక ఒక్కసారి నొక్కు. ఒక పిక్సెల్ పైకో కిందికో జరిగినా కొండ అంచులో మెట్టు కనపడుతుంది.

బ్రష్ సైజు వెంట్రుక వెడల్పుకు రెండు మూడింతలు చాలు. 3 పిక్సెళ్ల వెంట్రుకకు 8 పిక్సెళ్ల బ్రష్ అన్నమాట. కెమెరాకు దగ్గరగా ఎగిరి ఫోకస్ తప్పిన వెంట్రుక పలచగా, వెడల్పుగా, అంచులు లేకుండా ఉంటుంది. దానికి బ్రష్ పెద్దది కావాలి, `Hardness` సున్నా ఉండాలి. లేకపోతే నడుమ నలుపు పోయి రెండు పక్కలా పొగ చారలు మిగులుతాయి.

ఇప్పుడు తల అంచు. వెంట్రుక తలను వదిలి బయటికి వచ్చే చోటును 200 శాతం జూమ్‌లో చూడు. జుట్టు నలుపు ఆకాశంగా మారడానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయో గమనించు. ఫోకస్ బాగా ఉన్న ఫోటోలో కూడా అయిదారు పిక్సెళ్లు పడతాయి. నువ్వు `Hardness` వంద పెట్టి గీస్తే ఒక్క పిక్సెల్‌లోనే మారిపోతుంది. నీకు గీతలా కనపడుతున్నది ఆ తేడానే. `Hardness` 30 నుంచి 50 మధ్య పెట్టుకుని, ఆ మార్పు వెడల్పుతో పోల్చి సరిచూసుకో. గీత బయటి నుంచి తల వైపు సాగాలి. అంచుకు 10, 15 పిక్సెళ్ల దూరంలో ఆగు. అక్కడి నుంచి ఒపాసిటీ 40కి తగ్గించి, ఒకటి రెండు మెల్లని నొక్కులతో వెంట్రుకను పలచబరుచు. కుదుళ్ల దగ్గర చిన్న మొలకలా మిగిలి, కొసకు వచ్చేసరికి కరిగిపోవాలి. పూర్తి ఒపాసిటీతో మధ్యలో తెగ్గోస్తే కత్తెరేసినట్టు మొద్దు కొస కనపడుతుంది. అది ఎగిరిన వెంట్రుక కంటే అసహ్యంగా ఉంటుంది. ఒక విషయం గుర్తుంచుకో: `Lighten` లేయర్ ఆకాశాన్ని కాపాడుతుంది గానీ తలను కాపాడదు. బ్రష్ తల మీదికి పోతే జుట్టును కూడా ఆకాశం చేసేస్తుంది.

అంచు మొత్తం తీసేశాక నున్నగా గుండు గీసినట్టు అనిపిస్తే ఆ లేయర్లకు మాస్క్ వేసి, జుట్టు వాలు వెంబడి పోయే అసలు వెంట్రుకల్ని రెండు పిక్సెళ్ల నల్ల బ్రష్‌తో అక్కడక్కడ వెనక్కి తెచ్చుకో. కొత్తగా గీసిన వెంట్రుక కంటే ఫోటోలో పుట్టిన వెంట్రుక ఎప్పుడూ బాగుంటుంది. ఖాళీ లేయర్ మీద పని చేయమనేది ఇందుకే.

నుదురు దగ్గర పని వేరు. బయట వెంట్రుక వెనకాల ఉన్నది ఆకాశం, ఇక్కడ ఉన్నది చర్మం. చర్మానికి రంధ్రాలుంటాయి, మేకప్ పొర ఉంటుంది, వెలుగు మెల్లగా తగ్గుతూ ఉంటుంది. `Normal` మోడ్‌లో ఇంకో ఖాళీ లేయర్ తీసుకో. నుదుటి మీద అడ్డంగా పడిన ముంగురులకు హీలింగ్ బ్రష్ వాడు, స్పాట్ హీలింగ్ కాదు. శాంపిల్ అదే వెలుగులో, 30, 40 పిక్సెళ్ల పక్కన ఉన్న శుభ్రమైన చర్మం నుంచి తీసుకో. బుగ్గ నుంచి తెస్తే రంధ్రాల సైజు మారిపోతుంది. రంగును హీలింగ్ సర్దుతుంది గానీ టెక్స్‌చర్‌ను సర్దలేదు. `Diffusion` తక్కువలోనే, 2, 3 దగ్గర ఉంచు. ఎక్కువ పెడితే చర్మం మెత్తబడి మైనం పూసినట్టు అవుతుంది.

వెంట్రుకతో పాటు దాని నీడను కూడా తియ్యాలి. నుదుటికి ఎత్తుగా లేచిన వెంట్రుక నీడ దాని పక్కనే బూడిదరంగు చారలా పడుతుంది. వెంట్రుక తీసేసి నీడ మరిచిపోతే నుదుటి మీద వంకర గీత ముడతలా మిగులుతుంది. చూసేవాళ్లు అదేమిటో చెప్పలేరు గానీ అమ్మాయికి వయసు పెరిగినట్టు ఉందంటారు.

కుదుళ్లకు 15, 20 పిక్సెళ్లు ఉందనగా హీలింగ్ ఆపెయ్. అక్కడి నుంచి క్లోన్. `Hardness` 0 నుంచి 20, ఒపాసిటీ 30, వెంట్రుక కొస నుంచి కుదురు వైపు చిన్న చిన్న నొక్కులు. ఈ భాగాన్ని ఎందుకింత మెల్లగా చెయ్యాలంటే, అసలు నుదుటి అంచు ఎవరికీ గీతలా ఉండదు. నిండు జుట్టు, తర్వాత పలచబడిన జుట్టు, తర్వాత పొట్టి నూగు, తర్వాత చర్మం, ఇలా వేలెడు లోపల నాలుగు మెట్లుంటాయి. చర్మాన్ని తెచ్చి నిండు జుట్టు దాకా అతికిస్తే మధ్యలో రెండు మెట్లు ఎగిరిపోతాయి. అదే విగ్గు. కాబట్టి నూగును తుడవకు. నూగులోంచి పొడుచుకు వచ్చిన పొడవాటి వాటినే తియ్. ఎంత తీశావో చూసుకోవడానికి లేయర్ కన్నును మూసి తెరువు. అంచు గీత ముందుకో వెనక్కో జరిగినట్టు కనపడితే ఎక్కువ తీసినట్టే.

హీలింగ్‌నే అంచుకు ఇంకాస్త దగ్గరగా వాడాలనుకుంటే ఒక ఉపాయం ఉంది. లాసోతో చర్మం వైపు మాత్రమే సెలక్షన్ చెయ్. జుట్టు ఉన్న వైపు సెలక్షన్ గీత సరిగ్గా కుదుళ్ల అంచు వెంబడి పోవాలి, మిగతా వైపులా కొంచెం ఎక్కువ వదలొచ్చు. ఇప్పుడు సెలక్షన్ అవతలున్న నలుపు లోపలికి పాకదు. ఇది కణతల దగ్గర బాగా పనిచేస్తుంది. నుదుటి నడుమ, పాపిట మొదలయ్యే చోట నూగు దట్టంగా ఉంటుంది కాబట్టి అంత బాగా కుదరదు.

కణతల దగ్గర జుట్టు పలచగా ఉండి నింపమని అడిగితే అప్పుడు జుట్టునే క్లోన్ చెయ్యాలి. ముందు అమ్మాయినో ఇంట్లోవాళ్లనో ఒక మాట అడుగు. నుదుటి ఆకారం మారితే మనిషి ముఖమే మారుతుంది, అడగకుండా మార్చిన ఫోటోలే తిరిగొస్తాయి. క్లోన్ చేసేటప్పుడు శాంపిల్ తీసుకున్న చోట జుట్టు వాలు, నింపాల్సిన చోట వాలు ఒకటి కావు. `Window` మెనూలో `Clone Source` ప్యానెల్ తెరిచి కోణం 10 నుంచి 20 డిగ్రీలు తిప్పు. `Show Overlay` టిక్కు పెడితే తిరిగిన నమూనా బ్రష్ కింద కనపడుతుంది. ఒకేచోటి నుంచి తెస్తే అవే పాయలు పక్కపక్కనే కవలల్లా కనపడతాయి, అందుకని రెండు మూడు చోట్ల నుంచి తీసుకో. ఎడమ కణత జుట్టును తిరగేసి కుడి వైపు వేద్దామనిపిస్తుంది. ఎండ ఒక పక్కకు ఎక్కువ పడిన ఫోటోలో అది కుదరదు, వెలుగు తప్పు పక్క నుంచి వచ్చినట్టు అవుతుంది.

మన వాళ్ల జుట్టుతో ఇంకో సంగతి. కొబ్బరినూనె పెట్టిన జుట్టు మీద మెరుపు ఒక పట్టీలా, పాపిటకు కాస్త కింద, తల చుట్టూ సాగుతుంది. ఆ పట్టీలోంచి జుట్టు తెచ్చి మెరుపు లేని కణత దగ్గర పెడితే అక్కడ తడి మచ్చలా ఉంటుంది. మెరుపు పట్టీలో ఖాళీ నింపాలంటే పట్టీలోంచే, దాని వెంబడే తెచ్చుకోవాలి. పాపిటబిల్ల గొలుసు పక్కన పని ఉంటే గొలుసును ముందే సెలక్షన్‌తో బయటికి తీసేసి చేసుకో. రింగుల మధ్య క్లోన్ దూరితే సరిచెయ్యడం కష్టం.

అయ్యాక సరిచూసుకోవడానికి అన్నిటికంటే పైన ఒక కర్వ్స్ లేయర్ పెట్టి గీతను బాగా నిటారుగా వంచు. ఫోటో వికారంగా అవుతుంది, కానీ ఆకాశంలో వదిలేసిన చారలు, నుదుటి మీద నున్నబడిన మచ్చలు, తల చుట్టూ మిగిలిన మసి అన్నీ బయటపడతాయి. వాటిని కింది లేయర్లలో సరిచేసి కర్వ్స్ లేయర్‌ను తీసెయ్. తర్వాత 100 శాతంలో ఒకసారి, ప్రింట్ సైజుకు దగ్గరగా ఇంకోసారి చూడు. ఆకాశంలో మెట్లు మెట్లుగా రంగు విడిపోయినట్టు కనపడితే ఆ ఫైలును 8 బిట్‌లో పని చేసి ఉంటావు. మళ్లీ రా ఫైలు నుంచి 16 బిట్‌లో తెరవడం మంచిది. టైం లేకపోతే ఆ భాగం మీద `Add Noise`ను 1 శాతం, `Monochromatic` టిక్కుతో వేస్తే ప్రింట్‌లో చాలావరకు కలిసిపోతుంది.

ఈ ఫోటో ఎదురుగా ఉన్న పేజీలో అదే చోట తీసిన వేరే ఫోటో ఉంటే, రెండింటినీ పక్కపక్కన తెరిచి జుట్టు చూడు. ఒకదాంట్లో దువ్విపెట్టినట్టు, ఇంకోదాంట్లో గాలికి లేచినట్టు ఉంటే రెండోదాన్ని కూడా కొంచెం సర్దు, లేదా మొదటిదాంట్లో మాస్క్‌తో కొన్ని వెంట్రుకల్ని వెనక్కి తెచ్చుకో. నేనైతే ఎక్కువసార్లు వెనక్కి తెచ్చుకోవడమే మేలంటాను, గండికోట లోయ అంచున గాలి ఉంటుందని అందరికీ తెలుసు.